గొడుగుకు ప్రాస కుదిరింది, కానీ...

మా అక్క కొడుకు మాదాపూర్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. పోయిన వానాకాలంలో ఓ ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికి వచ్చాడు. భోజనం అయ్యాక చెయ్యి కడుక్కుని, ఫోన్ నా ముందు పెట్టి, "పిన్నీ, ఇది ఒకసారి చూడవా, ఎవరికీ చెప్పకు" అన్నాడు. తెర మీద నాలుగు పంక్తులున్నాయి.

నా హృదయంలో దీపమై వెలిగావు
నా జీవితంలో వసంతమై వచ్చావు
నా ఊపిరిలో ఊపిరై నిలిచావు
నన్ను నీ బానిసగా మలిచావు

"ఎవర్రా ఆ అమ్మాయి, ఎన్నాళ్లుగా తెలుసు?" అని అడిగాను. ఆఫీసులో పక్క టీమట. మాట్లాడింది మొత్తం మీద ఓ పదిసార్లు. గురువారం సాయంత్రం వాన ముంచెత్తితే, క్యాబ్ ఎక్కుతూ తన గొడుగు వీడి చేతిలో పెట్టి వెళ్లిందట. గొడుగు ఇంకా వీడి గదిలోనే ఉంది.

ఆ గొడుగు మాట కవితలో ఎక్కడా లేదు. గొడుగిచ్చిన మనిషికి వీడు బానిసనంటున్నాడు. అది చదివితే ఆ అమ్మాయి నవ్వదు, బెదురుతుంది. జవాబు ఏమివ్వాలో తెలియక మర్నాటి నుంచి వీడు కనబడితే పక్కకు తప్పుకుంటుంది. ఇష్టపడ్డ మనిషికి మొదటిసారి రెండు పంక్తులు రాసి పంపడంలో ఉన్న కష్టమంతా ఇదే. మనసులో ఉన్నది పెద్దది, ఇద్దరి మధ్య ఉన్న పరిచయం చిన్నది. కవిత పరిచయానికి సరిపోయేలా ఉండాలి, మనసుకు సరిపోయేలా కాదు.

ఆ మధ్యాహ్నం మేమిద్దరం కూర్చుని ఆ నాలుగు పంక్తుల్ని రెండు చేశాం. దాదాపు మూడు గంటలు పట్టింది. ఇలాంటివి రాయాలనుకునేవాళ్లు చాలామంది అదే చోట తడబడతారు కాబట్టి, మేం చేసింది చేసినట్టు చెబుతాను.

ముందు వాడి ప్రాస చూడండి. వెలిగావు, వచ్చావు, నిలిచావు, మలిచావు. నాలుగూ 'ఆవు'తో ముగిశాయి, కాబట్టి ప్రాస కుదిరిందని వాడి నమ్మకం. తెలుగులో ఇదొక సులువైన వల. మన వాక్యం క్రియతో ముగుస్తుంది. 'నువ్వు' అని మొదలుపెట్టి జరిగిపోయిన పని ఏది చెప్పినా చివర 'ఆవు' వచ్చి తీరుతుంది. నవ్వావు, తిన్నావు, పడుకున్నావు, అద్దె కట్టావు. ఇది మనం కుదిర్చిన ప్రాస కాదు, వ్యాకరణం పెట్టిన ముగింపు. చదివే చెవికి ఆ సంగతి తెలిసిపోతుంది. రెండో పంక్తి ఎలా ముగుస్తుందో ముందే తెలిశాక అది విన్నప్పుడు చిన్న ఆశ్చర్యం కూడా కలగదు. ఆ ఆశ్చర్యమే పెదవి మీద నవ్వు తెప్పించేది.

నిజానికి మన పాత పద్యంలో ప్రాస చివర ఉండదు, పంక్తిలో రెండో అక్షరం మీద ఉంటుంది. పదమూడో శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు బసవపురాణం రాసిన ద్విపదలో రెండేసి పంక్తులే జంటగా నడుస్తాయి. ఆ రెంటినీ కట్టి ఉంచేది రెండో అక్షరమే. చివరి ప్రాస, అంటే అంత్యప్రాస, పద్యంలో తప్పనిసరి కాదు. పాటల్లో, పిల్లల గేయాల్లో, ఆధునిక కాలపు చిన్న పదాల్లో అది మనకు బాగా చెవికెక్కింది. ఆరుద్ర కూనలమ్మ పదాలు చదివినవాళ్లకు అంత్యప్రాస ఎంత చలాకీగా ఉండగలదో తెలుసు. మూడు పొట్టి పంక్తులు ఒకే ప్రాసతో పరుగెత్తి, నాలుగో పంక్తిలో కూనలమ్మను పిలిచి ఆగిపోతాయి. అక్కడ ప్రాస పడే మాటలు రకరకాల చోట్ల నుంచి వస్తాయి. చలాకీతనం పుట్టేది అక్కడే.

కాబట్టి మావాడికి మొదట చెప్పింది ఇది. ప్రాస పడే రెండు మాటలూ ఒకే జాతివి కాకుండా చూడు. ఒకటి వస్తువు పేరైతే రెండోది క్రియ కానీ. లేదంటే కనీసం 'ఆవు', 'ఇంది' లాంటి తోకకు ముందున్న అక్షరాలు కూడా కలవాలి. నిలిచావు, మలిచావు జంటలో 'లిచావు' అంతా కలిసింది కాబట్టి వాడి నాలుగు పంక్తుల్లో ఆ జంటే కొంచెం నయం. వెలిగావు, వచ్చావు కలవనే లేదు.

"అయితే ఏ మాటతో మొదలుపెట్టను?" అన్నాడు.

"ఆ అమ్మాయి నీకిచ్చింది ఏమిట్రా?"

"గొడుగు."

"దాంతోనే."

గొడుగుకు ప్రాస వెతకడం మొదలుపెట్టాం. ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు. మొదటి అక్షరం తీసేసి, మిగిలిన 'డుగు' ముందు ఒక్కో అక్షరం పెట్టి చూడటమే. అడుగు, పిడుగు, మడుగు, పొడుగు. పిడుగు ప్రేమ సందేశానికి పనికిరాదు. మడుగు అంటే హైదరాబాదులో వానకు రోడ్డు మీద నిలిచే నీళ్లు గుర్తొస్తాయి, దానితో ఏదైనా చేయొచ్చు. అసలు సొమ్ము మాత్రం అడుగు. అది పేరూ అవుతుంది, క్రియా అవుతుంది. నేల మీద వేసేదీ అడుగే, నోరు తెరిచి అడగమనడమూ అడుగే. పైగా గొడుగు, అడుగు రెంటిలోనూ రెండో అక్షరం 'డు'. పాత ప్రాసా కొత్త ప్రాసా రెండూ ఒకే జంటలో దొరికాయి.

మావాడికి హుషారొచ్చింది. పావుగంటలో ఇది రాశాడు.

ఒక్క గొడుగు కింద ఒక్కొక్క అడుగు
ఏడడుగులు ఎప్పుడని దేవుణ్ణి అడుగు

ప్రాస విషయంలో వాడిని మెచ్చుకోకుండా ఉండలేను. ఒకే మాటను రెండర్థాల్లో రెండు చోట్ల నిలబెట్టాడు. యమకం అంటే ఇలాంటిదే. కానీ ఈ రెండు పంక్తులు మొదటి నాలుగింటికన్నా బరువైనవి. ఏడడుగులు అంటే తెలుగింట్లో పెళ్లి. గొడుగిచ్చిన పాపానికి అమ్మాయిని పీటల మీద కూర్చోబెట్టేశాడు. మధ్యలో దేవుణ్ణి కూడా పిలిచాడు. చేతిలో ఫోనుతో ఈ పంక్తి చదివిన అమ్మాయి దీనికి అవుననో కాదనో చెప్పాలి. మధ్యలో ఇంకో మాట అనే చోటు లేదు. పైగా జరగనిది కూడా చెప్పాడు. ఒకే గొడుగు కింద వాళ్లిద్దరూ నడవలేదు, ఆమె గొడుగిచ్చి క్యాబ్ ఎక్కేసింది.

బరువు ఎక్కడుందో పట్టుకోవడానికి నేను వాడే పరీక్ష ఒకటుంది. ఆ అమ్మాయి క్యాంటీన్లో కూర్చుని ఉండగా ఈ సందేశం వచ్చిందనుకోండి. పక్కనున్న స్నేహితురాలు వంగి తెర మీద చదివేసింది. అప్పుడు ఆ అమ్మాయి ఫోన్ బోర్లా తిప్పేయాల్సి వస్తే కవిత బరువైనది. స్నేహితురాలితో కలిసి నవ్వి, జవాబు టైపు చేయగలిగితే తేలికైనది. మరో గుర్తు కూడా చూసుకోవచ్చు. పంక్తుల్లో 'నా', 'నేను', 'నన్ను' ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెట్టండి. మావాడి మొదటి కవితలో పంక్తికొకటి ఉంది. తన గురించి అంతగా చెప్పుకుంటున్నాడంటే, అవతలి మనిషికి మాట్లాడే చోటు ఇవ్వలేదన్నమాట.

మాటల బరువు వేరే సంగతి. హృదయం, జీవితం, వసంతం, ప్రణయం లాంటివి మంచి మాటలే, కానీ సినిమా పాటలు, శుభలేఖలు, గ్రీటింగు కార్డులు వాటిని చాలాకాలంగా మోస్తున్నాయి. అవి వినగానే ఎవరిదో పాట గుర్తొస్తుంది, రాసిన మనిషి గుర్తు రాడు. గొడుగు, చినుకు, మబ్బు, చెప్పులు, చాయ్ లాంటివైతే ఆ ఇద్దరికే తెలిసిన సాయంత్రాన్ని గుర్తు చేస్తాయి. అందుకే ఇలాంటి కవితకు ఇంటి తెలుగు మాటలే మేలని నా అభిప్రాయం.

మూడోసారి ఇద్దరం కలిసి కట్టాం.

నా దగ్గరె ఉన్నది నీ గొడుగు
చినుకు పడే లోపే నన్నడుగు

ఇది చదివి మావాడు చప్పట్లు కొట్టాడు. నాకూ నచ్చింది. గొడుగు ఇంకా తన దగ్గరే ఉందని చెబుతున్నాడు, ఇస్తాననీ చెబుతున్నాడు. కానీ వచ్చి అడగమంటున్నాడు. ఇష్టం మాట లేదు. అయినా చదివేవాళ్లకు ఏదో తెలుస్తుంది.

నడక కూడా సరిపోయింది. ఎలాగో చెబుతాను. ఇలాంటి పొట్టి కవితకు గణాలన్నీ నేర్చుకోనక్కర్లేదు, మాత్రలు లెక్కపెడితే చాలు. పొట్టి అక్షరానికి ఒకటి, దీర్ఘానికి రెండు. పక్క అక్షరం ఒత్తుదైతే దాని ముందున్న పొట్టి అక్షరం కూడా రెండే. సున్న ఉన్నదీ రెండే. ఆ లెక్కన పై పంక్తి 'నా దగ్, గరె ఉన్, నది నీ' అని నాలుగేసి మాత్రల చొప్పున మూడు అడుగులు వేసి, 'గొడుగు' అని మూడు మాత్రలతో ఆగుతుంది. కింది పంక్తి 'చినుకు ప, డే లో, పే నన్' అని అలాగే నడిచి 'నడుగు' దగ్గర అదే మూడు మాత్రలతో ఆగుతుంది. పదిహేనుకు పదిహేను. లెక్క కుదరనివాళ్లు బల్ల మీద తాళం వేసుకుంటూ చదివినా చాలు. ఎక్కడ దెబ్బ తప్పితే అక్కడ ఒక అక్షరం ఎక్కువో తక్కువో ఉంటుంది. ప్రాస ఉండి నడక లేని రెండు పంక్తులు పిల్లలు బలవంతాన అతికించినట్టు ఉంటాయి. తాళం సరిగ్గా పడితే చదివేవాళ్లకు లెక్క తెలియకపోయినా తల ఊగుతుంది.

కవిత అయిపోయిందనుకున్నాం. అప్పుడు నాకొక అనుమానం వచ్చింది.

"ఒరేయ్, ఆ అమ్మాయిని నువ్వంటావా, మీరంటావా?"

వాడు ఒక్క క్షణం ఆగి, "మీరు అనే అంటాను పిన్నీ. ఆమె కూడా అంతే" అన్నాడు.

మూడో కవిత అక్కడే పోయింది. పదిసార్లు 'మీరు' అన్న మనిషి పదకొండోసారి 'నీ గొడుగు', 'నన్నడుగు' అంటే, కవిత ఎంత తేలికైనదైనా ఆ 'నువ్వు' ఒక్కటే బరువెక్కుతుంది. మన భాషలో మీరు నుంచి నువ్వులోకి దిగడం ఇద్దరూ కలిసి దాటే గడప. ఒకరు కవిత సాకుతో దూకేయడం మర్యాద కాదు. పోనీ 'మీ గొడుగు' అందామంటే రెండో పంక్తిలో 'నన్నడగండి' అనాలి. గొడుగుకూ అడగండికీ ప్రాస లేదు. అడుగు ఒక్క దెబ్బకు చేజారింది. ప్రాస మీద మోజుతో సంబోధన మార్చేవాళ్లను చాలామందిని చూశాను. ప్రాసే మార్చుకోవాలి.

మళ్లీ మొదటికి వచ్చాం. ఈసారి ఎవరినీ ఏమీ చేయమనని రెండు పంక్తులు కావాలి. అడుగు, రా, చెప్పు, ఇవ్వు లాంటి మాటలేవీ ఉండకూడదు. అవి ఉంటే 'అండి' వస్తుంది, అది వస్తే పంక్తి సాగుతుంది. "ఇప్పుడా గొడుగు ఎలా ఉంది?" అని అడిగాను. "తడిగా ఉంటే బాల్కనీలో విప్పి పెట్టాను, ఆరిపోయింది" అన్నాడు. కిటికీలోంచి చూస్తే బయట మళ్లీ మబ్బు పట్టింది. అక్కడ దొరికింది సరుకు. వాడు మొదట మామూలు వాక్యాలుగా రాశాడు.

మీ గొడుగు ఇక్కడ బాగా ఆరింది
ఆకాశంలో మళ్ళీ మేఘాలు చేరాయి

ఆరింది, చేరాయి కలవవు. 'ఆకాశం', 'మేఘాలు' కాస్త పుస్తకాల వాసన వేస్తున్నాయి. మేఘాలను మబ్బు చేస్తే చివర 'చేరింది' అవుతుంది. ఆరింది, చేరింది. రెండూ క్రియలే, కానీ తోకతో పాటు దాని ముందున్న 'ర' కూడా కలిసింది. దానికి ముందు రెంటిలోనూ దీర్ఘమే ఉంది. గొడుగు, అడుగంత మెరుపు లేదు గానీ వ్యాకరణం మీద ఆనుకున్న బద్ధకపు ప్రాస కూడా కాదు.

ఇక నడక. మొదటి పంక్తి లెక్కపెడితే పద్ధెనిమిది మాత్రలు తేలింది. మనం నోటితో అనేటప్పుడు 'గొడుగు ఇక్కడ' అని విడగొట్టం, 'గొడుగిక్కడ' అంటాం. అక్కడ ఒక మాత్ర తగ్గింది. 'బాగా ఆరింది' అన్నప్పుడు కూడా రెండు దీర్ఘాలు కలిసిపోయి 'బాగారింది' అవుతుంది. అక్కడ రెండు తగ్గాయి. మిగిలింది పదిహేను. సంధి అంటే స్కూల్లో భయపడతాం కానీ, రోజూ నోట్లో జరిగేదాన్ని జరిగినట్టు రాయడమే ఇక్కడ చేసిన పని. పంక్తి తేలికపడింది కూడా అందుకే. చివరికి ఇలా నిలబడింది.

మీ గొడుగిక్కడ బాగారింది
మబ్బేమో మళ్ళీ చేరింది

'మీ గొడు, గిక్కడ, బాగా, రింది'. 'మబ్బే, మో మళ్, ళీ చే, రింది'. తాళం ఎక్కడా తప్పలేదు. ఇందులో 'నేను' లేను, 'నా' లేదు. చూసినవి చూసినట్టు చెప్పిన రెండు వార్తలు మాత్రమే ఉన్నాయి. గొడుగు ఆరిందనేది ఒక వార్త, మబ్బు పట్టిందనేది మరొకటి. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టిన చెయ్యి ఎవరిదో, ఎందుకు పెట్టిందో చదివే మనిషి గ్రహించుకోవాలి. ఇక్కడ అసలు పని చేస్తున్న మాట 'ఏమో'. అది తీసేసి 'మబ్బులు మళ్ళీ చేరాయి' అంటే వాతావరణ సూచన అవుతుంది. 'మబ్బేమో' అనగానే గొడుగొక చోట, దాని అవసరమొక చోట ఉన్నాయన్న చిరునవ్వు వచ్చి చేరింది. పొట్టి కవితలో ఇలాంటి చిన్న మాటను వెతుక్కోవడం పెద్ద ఉపమానం వెతుక్కోవడం కన్నా లాభం.

ఆమెకు దారులు కూడా తెరిచే ఉన్నాయి. సరదాగా అనిపిస్తే సరదాగా జవాబివ్వచ్చు. ఇష్టం లేకపోతే "సోమవారం తెచ్చేయండి" అని వదిలేయొచ్చు. ఏం జవాబిచ్చినా మర్నాడు లిఫ్టులో ఎదురుపడితే ఇద్దరికీ ఇబ్బంది ఉండదు. వాడికి మనసులో ఉన్నది నిజంగా చెప్పాలనిపించిన రోజు వస్తే, అది రెండు పంక్తుల ప్రాసలో కాకుండా ఎదురుగా కూర్చుని మామూలు మాటల్లో చెప్పాలి. అంత బరువు మోయడానికి ఇది కట్టలేదు.

పంపే ముందు మరో రెండు విషయాల మీద పోట్లాడుకున్నాం. వాడు అలవాటుగా ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేయబోయాడు. ఆపేశాను. అలా రాస్తే పొట్టీ దీర్ఘమూ తెలియవు. కల, కాల ఒకటైపోతాయి, వనం వానం అవుతుంది, తాళమంతా పోతుంది. మాత్రలు లెక్కపెట్టి కట్టిన పంక్తిని తెలుగు లిపిలోనే పంపాలి. తర్వాత కింద ఎర్ర గుండె బొమ్మలు నాలుగు పెట్టబోయాడు. కవితలో దాచుకున్నదంతా ఆ బొమ్మలు బయటపెట్టేస్తాయి. "ఏమీ అనుకోకండి, ఊరికే సరదాకి" అని చేర్చబోయాడు. అదీ వద్దన్నాను. సరదా అని చెప్పుకోవాల్సి వస్తే సరదా కుదరలేదన్నమాట. అర్ధరాత్రి వచ్చే రెండు పంక్తులకు కూడా లేని బరువు వచ్చేస్తుంది. అందుకని సాయంత్రం ఆరింటికి, వాన మొదలవకముందే, ఆ రెండు పంక్తులే, ఇంకేమీ లేకుండా వెళ్లాయి. జవాబు రాకపోతే రెండో కవిత పంపకూడదని మాట తీసుకున్నాను.

నలభై నిమిషాల పాటు ఏమీ రాలేదు. వాడు టీ తాగాడు, మళ్లీ తాగాడు, మా బాల్కనీలో మొక్కలన్నిటికీ నీళ్లు పోశాడు. అప్పటికే చినుకులు పడుతున్నాయి.

ఆరు నలభైకి ఫోన్ మోగింది. "రేపు మర్చిపోకుండా గొడుగు తెచ్చేయండి, మబ్బు సంగతి నాకొదిలేయండి" అని ఉంది.

వాడు నా వంక చూసి, "పిన్నీ, 'తెచ్చేయండి, వదిలేయండి'. నువ్వు వద్దన్న ప్రాసే కదా ఇది?" అన్నాడు.

"అవును" అన్నాను. "నువ్వు గొడుగు మడతపెట్టి బ్యాగులో పెట్టుకో ముందు."